సభలో ఎంపీ గారిని, మంత్రి గారిని పరిచయం చేయడం: పార్టీ వాసన రాకుండా, మర్యాద తగ్గకుండా

వేదిక మీద మాట్లాడేవాళ్ళ కోసం మనం చేసుకుంటున్న ఈ ఎపిసోడ్లలో ఇవాళ్టి విషయం చాలామంది ఫోన్ చేసి అడిగినది. మీది ఒక గ్రంథాలయ సంఘమో, పూర్వ విద్యార్థుల సంఘమో, సంగీత సభో, వాకర్స్ క్లబ్బో అనుకోండి. రాజకీయాలతో సంబంధం లేదు. సభ్యుల్లో అన్ని పార్టీల వాళ్ళూ ఉంటారు. ముఖ్య అతిథిగా ఒక ఎంపీ గారు వస్తున్నారు. మైకు మీ చేతిలో ఉంది. ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?

ఇందులో నిజంగా పోయేది ఏమిటో ముందు చెప్తాను. అతిథి గారు సాయంత్రం ఏడింటికి వస్తారు, ఎనిమిదింటికి వెళ్ళిపోతారు. మీ సంఘం మర్నాడు కూడా ఉంటుంది. ఆయన పార్టీకి ఓటు వేయని సభ్యులు మర్నాడు కూడా చందా కట్టాలి, మీటింగుకి రావాలి. మైకు ముందు మీరు అన్న రెండు ముక్కల వల్ల వాళ్ళకి "ఓహో, మన సంఘం ఆ పార్టీ వాళ్ళ చేతిలోకి వెళ్ళిందన్నమాట" అనిపిస్తే, దాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. కొన్ని ఊళ్ళలో నలభై ఏళ్ళ సంఘాలు ఇలాగే రెండుగా చీలాయి. గొడవ ఎక్కడ మొదలైందని అడిగితే ఏదో ఒక సన్మాన సభ దగ్గరికే వెళ్తుంది.

అలాగని అతిథిని ముభావంగా పరిచయం చేస్తే అదీ తప్పే. "ఇప్పుడు ఎంపీ గారు మాట్లాడతారు" అని ఒక్క ముక్కతో సరిపెడితే పిలిచి అవమానించినట్టు ఉంటుంది. కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి, "మా సంఘానికి ఏ పార్టీతోనూ సంబంధం లేదని ముందుగా మనవి చేస్తున్నాను" అని మైకులో చెప్తారు. దయచేసి అది అనకండి. వచ్చిన అతిథికి అది "మిమ్మల్ని చూసి భయపడుతున్నాం" అన్నట్టు వినిపిస్తుంది. తటస్థత ప్రకటించే వస్తువు కాదు, మీ వాక్యాల్లో కనిపించాలి అంతే.

సరే, ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసుకుందాం. ఊరి పేరు, మనుషుల పేర్లు మనకి అక్కర్లేదు, "ఫలానా" అని పెట్టుకుందాం.

ఒక చిన్న పట్టణంలో రిజిస్టర్ అయిన పఠన మందిరం ఉంది. కొత్తగా ఒక గది కట్టారు. ఖర్చు 14 లక్షలు. అందులో 10 లక్షలు ఎంపీ ల్యాడ్స్ కింద వచ్చాయి, 4 లక్షలు సభ్యులు వేసుకున్నారు. ప్రారంభోత్సవానికి ఎంపీ గారు ముఖ్య అతిథి. మున్సిపల్ చైర్‌పర్సన్ గారు గౌరవ అతిథి, ఆవిడది వేరే పార్టీ. ముందు రోజు ఎంపీ గారి పీఏ వాట్సాప్‌లో ఒక కాగితం పంపించాడు, "ఇది చదివేయండి సార్" అని. అందులో ఇలా ఉంది:

"పేదల పెన్నిధి, యువత ఆశాజ్యోతి, అభివృద్ధి ప్రదాత, మనందరి ప్రియతమ నాయకులు, గత ఎన్నికల్లో అఖండ మెజారిటీతో ప్రత్యర్థులను మట్టికరిపించిన ధీశాలి, తన సొంత నిధులతో ఈ భవనాన్ని నిర్మించి ఇచ్చిన దాత, త్వరలో కేంద్రమంత్రి కాబోతున్న మన గౌరవ ఎంపీ గారు..."

పీఏని తప్పు పట్టకండి, అది అతని ఉద్యోగం. బహిరంగ సభలో చదవడానికి రాసిందే మీకూ పంపించాడు. మన పని దాన్ని మన సభకి తగ్గట్టు మార్చుకోవడం. ఒక్కో ముక్క చూద్దాం.

"పెన్నిధి, ఆశాజ్యోతి, ప్రదాత" ఇవన్నీ తీసేయండి. ఎందుకంటే ఇవి ఎవరూ సరిచూడలేని మాటలు. వింటున్నవాళ్ళలో సగంమంది ఒప్పుకుంటారు, సగంమంది లోపల నవ్వుకుంటారు. పరిచయంలో ఉండే ప్రతి మాటా హాల్లో ఉన్న ఎవరైనా "అవును, నిజమే" అనగలిగేదిగా ఉండాలి. "రెండోసారి లోక్‌సభకు ఎన్నికయ్యారు" అంటే ఎదుటి పార్టీ ఆయన కూడా తల ఊపాల్సిందే, అది జరిగిన విషయం.

మరి "అఖండ మెజారిటీ" కూడా జరిగిందే కదా అంటారేమో. జరిగిందే. కానీ అది పోటీ గురించిన మాట. మెజారిటీ అనగానే ఓడిపోయినవాడు గుర్తొస్తాడు. ఓడిపోయినవాడికి పనిచేసిన మనుషులు మీ మూడో వరసలో కూర్చుని ఉన్నారు. ఎన్నికయ్యారు అన్నది పదవికి సంబంధించిన మాట, గెలిచారు అన్నది పోరుకి సంబంధించిన మాట. సంఘం సభలో మొదటిది చాలు.

"మనందరి ప్రియతమ నాయకులు". ఇక్కడ మన తెలుగులో ఒక చిన్న మెలిక ఉంది. "మన ఎంపీ గారు" అనడంలో తప్పు లేదు, ఎందుకంటే ఓటు ఎవరికి వేసినా ఆ నియోజకవర్గంలో ఉన్న అందరికీ ఆయనే ఎంపీ. "మన నాయకుడు" అనేసరికి అర్థం మారిపోతుంది. నాయకుడు అంటే వెనక నడిచేవాళ్ళు ఉండాలి, సంఘం ఆయన వెనక నడుస్తోందన్న ధ్వని వస్తుంది. "మన" అన్న మాట పదవి ముందు పెట్టండి, నాయకుడు ముందు పెట్టకండి. అలాగే "అన్న", "అక్క". బయట పలకరించేటప్పుడు "అన్నా బాగున్నారా" అనండి, అది మన అలవాటు, మన ఆప్యాయత. కానీ మైకులో "ఎంపీ అన్న" అంటే అది కార్యకర్త గొంతు. మైకులో "గారు" ఒక్కటే.

"త్వరలో కేంద్రమంత్రి కాబోతున్న". ఇది నవ్వొచ్చే మాటే గానీ చాలాచోట్ల వింటూనే ఉంటాం. రేపటి పదవుల గురించి, రేపటి ఎన్నికల గురించి మనకి మాట అనవసరం. ఈ రోజు ఆయన ఏ హోదాలో వచ్చారో అదే చెప్పండి. పార్టీ పదవి కూడా అంతే, జిల్లా అధ్యక్షులో, అధికార ప్రతినిధో అయ్యుండొచ్చు. మీరు పిలిచింది ఎంపీని. ఆ హోదా చాలు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, "తన సొంత నిధులతో నిర్మించి ఇచ్చిన దాత". దీని మీద కొంచెం ఆగుదాం, ఎక్కువ సభల్లో తప్పు జరిగేది ఇక్కడే. ఎంపీ ల్యాడ్స్ అంటే పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం. 1993లో మొదలైంది. ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 కోట్ల రూపాయల మేరకు పనులు సూచించే హక్కు ఉంటుంది. గమనించండి, సూచించే హక్కు. ఎంపీ గారు ఫలానా పని చేయండి అని సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం దాన్ని పరిశీలించి మంజూరు చేస్తుంది. డబ్బు ప్రభుత్వానిది, అంటే మన పన్నులే. అది ఆయన జేబులోంచి ఇచ్చినది కాదు కాబట్టి "దాత" అన్న మాట తప్పు. అలాగని ఆయన పాత్ర ఏమీ లేదని కాదు. నియోజకవర్గంలో ఎన్నో ఊళ్ళ నుంచి అర్జీలు వెళ్తాయి. అందులో పఠన మందిరానికి గది కావాలన్న అర్జీ చదివి, దాన్ని ఎంచుకున్నారు. అది నిజంగా కృతజ్ఞత చెప్పుకోవాల్సిన పనే. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పండి: "మన అర్జీ చూసి ఎంపీ ల్యాడ్స్ కింద సిఫారసు చేశారు." ఈ వాక్యంలో ఆయనకి దక్కాల్సిన గౌరవం పూర్తిగా దక్కింది, అబద్ధం లేదు. నిజానికి అతిథి కూడా దీనికే ఎక్కువ సంతోషిస్తారు. ఆశాజ్యోతి అని రోజూ పది చోట్ల వింటారు. "మీరు మా అర్జీ చదివారు" అని చెప్పేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు పీఏ కాగితం పక్కన పెట్టి మనది రాసుకుందాం.

"సభకు నమస్కారం. మన పఠన మందిరం కొత్త గదిని ప్రారంభించడానికి విచ్చేసిన ముఖ్య అతిథి, మన నియోజకవర్గ లోక్‌సభ సభ్యులు, గౌరవనీయులు శ్రీ ఫలానా గారు. వారు ఈ జిల్లాలోనే ఫలానా ఊరి హైస్కూల్లో చదువుకున్నారు. వృత్తిరీత్యా న్యాయవాది. రెండోసారి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మూడేళ్ళ కిందట మన సంఘం ఇచ్చిన అర్జీ చూసి, ఎంపీ ల్యాడ్స్ కింద ఈ గదికి 10 లక్షల రూపాయల పనిని సిఫారసు చేశారు. జిల్లా అధికారులు మంజూరు చేశారు. మిగతా 4 లక్షలు మన సభ్యులు వేసుకున్నారు. ఇప్పుడు ఈ గదిలో 60 మంది పిల్లలు ఒకేసారి కూర్చుని చదువుకోవచ్చు. గదిని ప్రారంభించి మనతో నాలుగు మాటలు పంచుకోవలసిందిగా వారిని సభ తరఫున సవినయంగా కోరుతున్నాను."

అంతే. నెమ్మదిగా చదివితే నిమిషం లోపే అయిపోతుంది. ఇందులో ఏమేం ఉన్నాయో చూడండి. ఏ హోదాలో వచ్చారో ఉంది. ఊరితో ఆయనకున్న సంబంధం ఉంది. ఈ కార్యక్రమంతో ఆయనకున్న సంబంధం ఉంది. ఆఖర్న ఏం చేయమని కోరుతున్నామో ఉంది. ఆ చివరి వాక్యం చాలామంది మర్చిపోతారు. గదిని ప్రారంభించి, మాట్లాడమని కోరామంటే అతిథికి కూడా ఒక హద్దు తెలుస్తుంది, ఇది గది గురించిన సభ అని. పరిచయంలోనే మీరు ప్రభుత్వ పథకాలన్నీ ఏకరువు పెడితే ఆయన వాటి మీదే ముప్పావు గంట మాట్లాడతారు. తలుపు మీరే తెరిచారు కదా.

హైస్కూలు, వృత్తి లాంటి వివరాలు పీఏ చెప్పినా ఒకసారి సరిచూసుకోండి. సభ్యుల వివరాలు లోక్‌సభ వెబ్‌సైటులో ఉంటాయి, ఎమ్మెల్యేలైతే శాసనసభ వెబ్‌సైటులో చూడొచ్చు. పేరు ఎలా పలకాలో, ఇంటిపేరు ముందు చెప్పాలా వద్దా అన్నది మాత్రం పీఏనే అడగండి. ఆయన తన పేరు ఎలా రాసుకుంటారో అలాగే చదవండి. మీరు ఒక తోక తగిలించడం గానీ, ఉన్నది కత్తిరించడం గానీ చేస్తే మన దగ్గర దానికి వేరే అర్థాలు తీస్తారు.

ఇప్పుడు రెండో అతిథి సంగతి. తటస్థత పరీక్ష ఒక్క పరిచయంలో తేలదు, రెండిటినీ పక్కపక్కన పెడితే తేలుతుంది. చైర్‌పర్సన్ గారికి కూడా అదే కొలత. ఎంపీ గారికి తొమ్మిది వాక్యాలు చెప్పి ఆవిడకి ఒక్కటి చెప్తే, అందులో ఏం చెప్పారన్నది ఎవరూ పట్టించుకోరు, లెక్కే గుర్తుంటుంది. "పట్టణ ప్రథమ పౌరురాలు, మున్సిపల్ చైర్‌పర్సన్, గౌరవనీయులు శ్రీమతి ఫలానా గారు" అని మొదలుపెట్టి, మందిరం ముందు రోడ్డు, డ్రైనేజీ మున్సిపాలిటీ వేయించిందా, ఆ ముక్క చెప్పండి. ఆవిడ టీచరుగా పనిచేసి ఉంటే అది చెప్పండి. శ్రీమతి అనాలా, డాక్టర్ అనాలా అన్నది కూడా ముందే కనుక్కోవాలి.

ఇంకో సంగతి సర్వనామాలు. మాట్లాడేవాళ్ళకి తెలియకుండానే జరుగుతుంది ఇది. ఒక అతిథికి "వారు విచ్చేశారు", ఇంకొక అతిథికి "ఆవిడ వచ్చారు". రెండూ మర్యాద మాటలే, విడివిడిగా ఏ తప్పూ లేదు. కానీ ఒకే సభలో ఒకరికి "వారు", మరొకరికి "ఆవిడ" అంటే మెట్టు తేడా తెలిసిపోతుంది. కాగితం మీద రాసుకున్నప్పుడే సరిచూసుకోండి. వేదిక మీద ఉన్న అందరికీ ఒకటే సర్వనామం, ఒకటే క్రియ.

ఎవరిని ముందు పిలవాలన్నది ఇంకో తలనొప్పి. కేంద్ర ప్రభుత్వానికి ఒక ప్రాధాన్య క్రమ పట్టిక ఉంది, రాష్ట్రపతి నుంచి మొదలై వరసగా ఎవరి తర్వాత ఎవరో ఉంటుంది, అందులో ఎంపీలది 21వ స్థానం. అయితే ఆ పట్టిక ప్రభుత్వ ఉత్సవాలకి, లాంఛన సందర్భాలకి రాసింది. మీ పఠన మందిరం సభకి అది చట్టం కాదు. కానీ చేతిలో ఒక ఆధారం ఉంటే మంచిది. "మా ఇష్టం వచ్చినట్టు పిలిచాం" అనడం కంటే "పదవి వరసని బట్టి పిలిచాం" అనడం ఎవరికైనా ఒప్పుకోదగ్గ మాట. పార్టీని బట్టి కాదు, అధికారంలో ఎవరున్నారన్న దాన్ని బట్టి కాదు, పదవిని బట్టి. మాజీలు ఉంటే ప్రస్తుత పదవుల్లో ఉన్నవాళ్ళ తర్వాత పిలవండి. "మాజీ" అన్న మాట మింగేయకండి. గౌరవం కోసమని మాజీ మంత్రి గారిని "మంత్రి గారు" అంటే పక్కన కూర్చున్న మంత్రి గారికి ఎలా ఉంటుంది?

బిరుదుల గురించి రెండు ముక్కలు. "ఘనత వహించిన రాష్ట్రపతి", "మహామహిమ" లాంటి మాటలు పాతవి. 2012లో ప్రణబ్ ముఖర్జీ గారు రాష్ట్రపతిగా ఉన్నప్పుడే దేశంలో జరిగే సభల్లో "ఎక్సలెన్సీ" వాడకం మానేయమన్నారు, "గౌరవనీయ" చాలన్నారు. విదేశీ ప్రముఖులకి మాత్రం పాత పద్ధతే. రాష్ట్రపతికే గౌరవనీయ చాలినప్పుడు మన ఎమ్మెల్యే గారికి చాలదా! అలాగే పద్మ పురస్కారాలు. పేరు ముందు "పద్మశ్రీ" అని తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, అవి బిరుదులు కావు కాబట్టే రాజ్యాంగం 18వ అధికరణానికి విరుద్ధం కాదంది. "ఫలానా సంవత్సరంలో పద్మశ్రీ అందుకున్నారు" అని వాక్యంలో చెప్పండి, అందులో ఏ ఇబ్బందీ లేదు.

కలెక్టరు గారో, ఎస్పీ గారో వస్తే? వాళ్ళు పార్టీ మనుషులు కారు, ఉద్యోగులు. "ఫలానా ముఖ్యమంత్రి గారి ఆశయాలని అమలు చేస్తున్న కలెక్టరు గారు" అన్నారంటే వాళ్ళని ఇబ్బందిలో పెట్టినట్టే. వాళ్ళ హోదా, వాళ్ళు చేసిన పని. అక్కడితో ఆపండి.

ఎన్నికల ముందు రోజులు వేరు. ఎన్నికల తేదీలు ప్రకటించిన క్షణం నుంచి ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తుంది. అప్పుడు మంత్రులు కొత్త నిధులు ప్రకటించకూడదు, శంకుస్థాపనలు చేయకూడదు. ప్రభుత్వ డబ్బుతో కట్టిన గదికి ఆ రోజుల్లో ప్రారంభోత్సవం పెట్టుకోవడమే తప్పు నిర్ణయం. నన్నడిగితే వాయిదా వేసుకోండి, గది ఎక్కడికీ పోదు. పిల్లలు లోపల కూర్చుని చదువుకోవడానికి రిబ్బను అక్కర్లేదు.

ఈ విషయంలో అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘాల వాళ్ళకి ఇంకా గట్టి నిబంధన ఉంది. అక్కడ పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలు, 501(c)(3) అంటారు, ఎన్నికల్లో ఏ అభ్యర్థి తరఫునా, ఎవరికి వ్యతిరేకంగానూ పనిచేయకూడదు. ఉగాది వేడుకకి నగర మేయరో, కాంగ్రెస్ సభ్యులో వస్తూనే ఉంటారు, అది తప్పు కాదు. ఏది తప్పో చెప్పడానికి అక్కడి పన్నుల శాఖ 2007లో కొన్ని ఉదాహరణలు ఇచ్చింది, పరిచయం చేసేవాళ్ళకి అంతకంటే మంచి పాఠం దొరకదు. ఒక చరిత్ర సంఘం సమావేశానికి గవర్నరు పదవికి పోటీ చేస్తున్న లెఫ్టినెంట్ గవర్నరు వచ్చారు. అధ్యక్షుడు ఎప్పటిలాగే, ఈ సాయంత్రం వారు మనతో ఉన్నందుకు సంతోషం అని ఊరుకున్నాడు. ఎన్నిక ఊసు ఎత్తలేదు. తప్పు లేదన్నారు. ఒక ఆసుపత్రి శంకుస్థాపనకి, మళ్ళీ పోటీ చేస్తున్న కాంగ్రెస్ సభ్యుడిని పిలిచి, ఎన్నిక ఊసు ఎత్తకుండా పరిచయం చేశారు. అదీ తప్పు కాదన్నారు. మూడోది ఒక ఉచిత సంగీత కచేరీ. మేయరు సాయం లేకపోతే ఈ కచేరీలు ఉండేవి కావని చెప్పి, ఆయన మనకి అండగా నిలిచారు, నవంబరులో మీరు ఆయనకి అండగా నిలవండి అన్నాడు సంస్థ అధ్యక్షుడు. అది తప్పన్నారు. చూడండి, స్వాగతం చెప్పి పరిచయం చేయడం దాకా ఏ గొడవా లేదు. "కాబట్టి మీరు" అని జనం వైపు తిరిగిన వాక్యంతో గీత దాటాడు.

మన దగ్గర ఆ "కాబట్టి మీరు" ఎక్కువగా వందన సమర్పణలో దొర్లుతుంది. పరిచయం రాసుకుని వస్తాం, వందన సమర్పణ మాత్రం అప్పటికప్పుడు చెప్పేస్తాం. "ఇలాంటి నాయకులు మళ్ళీ మళ్ళీ రావాలి", "వారి ఆశయాలు నెరవేరాలని కోరుకుందాం". పరిచయంలో కాపాడుకున్నదంతా ఇక్కడ పోతుంది. ఆ ముక్కని కూడా రాసి ఇవ్వండి, చదివేది వేరేవాళ్ళయినా సరే.

ఆఖరిగా, మీ చేతిలో లేనివి రెండు. ఒకటి, అతిథి ఆలస్యం. గంటన్నర లేటైతే సభని ఆపకండి. పిల్లల పాట, సంఘం నివేదిక కానిచ్చేయండి. ఆయన వచ్చినప్పుడు "ఎంతో బిజీగా ఉండి కూడా" అన్న సాగదీత వద్దు, ఎత్తిపొడుపు అసలే వద్దు. "సభ సగంలో ఉంది, వారికి స్వాగతం" అని మామూలుగా పరిచయంలోకి వెళ్ళండి. రెండు, జిందాబాద్‌లు. ఆయన వెంట వచ్చిన కుర్రాళ్ళు పరిచయం మధ్యలో నినాదాలు మొదలుపెడతారు. మైకులో వాళ్ళని మందలిస్తే అటువాళ్ళు ఇంకా పెంచుతారు, ఇటువాళ్ళు పోటీ నినాదం ఎత్తుకుంటారు. మాట ఆపి, కాగితం కిందికి దించి, అతిథి వైపు చూసి నవ్వుతూ నిలబడండి. పదిహేను సెకన్లు చాలు. చాలాసార్లు అతిథే చెయ్యెత్తి ఆపమంటారు, తన సభ కాదని ఆయనకీ తెలుసు. ఆగాక, ఆపిన వాక్యం మొదటి నుంచి మళ్ళీ అందుకోండి. జరిగినదాని గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకండి.

వచ్చే ఎపిసోడ్‌లో దీనికి అవతలి వైపు చూద్దాం: అతిథి మైకు అందుకుని ఎన్నికల ప్రసంగం మొదలుపెడితే అధ్యక్షుడి కుర్చీలో ఉన్నవాళ్ళు ఏం చేయాలన్నది. అప్పటిదాకా సెలవు. నమస్కారం.